పదేళ్లలో రెట్టింపయ్యే ఫ్లాటు, నెలకు 24 వేల అద్దె: ఏది మేలు?

మియాపూర్ వైపు రీసేల్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, ధర 80 లక్షలు అనుకుందాం. అదే అపార్ట్‌మెంట్లో అలాంటి ఫ్లాటే అద్దెకు తీసుకుంటే నెలకు 24 వేలు. పైఅంతస్తు ఆయన "పదేళ్లలో నా ఫ్లాటు రెట్టింపైంది" అంటాడు. రెట్టింపు అంటే గొప్పగానే వినిపిస్తుంది కానీ, ఏడాదికి లెక్కేస్తే 7.2 శాతం. అది సరిపోతుందా అన్నదే ప్రశ్న.

చాలామంది ఈఎంఐని అద్దెతో పోల్చి ఆగిపోతారు. కొందరు ఇంకో అడుగు వేసి "అద్దె వృథా, ఈఎంఐ సొంతం" అంటారు. మొదటి ఏళ్లలో ఈఎంఐలో ఎక్కువ భాగం వడ్డీయే, అదీ తిరిగి రాదు. సరైన పోలిక చేయాలంటే పదేళ్లలో వచ్చే, పోయే డబ్బంతా ఈరోజు విలువకు తేవాలి. దాన్నే నికర ప్రస్తుత విలువ అంటారు. పదేళ్ల తర్వాత చేతికొచ్చే లక్ష ఈరోజు లక్ష కాదు; 9 శాతం లెక్కన దాదాపు 42 వేలే.

ఈ 9 శాతం ఎక్కడిది? డౌన్ పేమెంట్ కట్టకపోతే ఆ డబ్బు వేరేచోట ఎంత సంపాదించేదో, అది. "నేను ఎఫ్‌డీలోనే వేస్తాను, నాకు 7 శాతం చాలు" అనేవారూ ఉంటారు. కానీ లోన్ 8.5 శాతానికి తీసుకున్నామనుకుంటే, చేతిలోని డబ్బును లోన్‌కు ముందే కట్టేసినా 8.5 శాతం మిగిలినట్టే. ఫ్లోటింగ్ హోమ్ లోన్‌కు ముందస్తు చెల్లింపు పెనాల్టీ కూడా ఉండదు. అందుకని లోన్ ఉన్నంతకాలం 8.5 కంటే తక్కువ రేటు పెట్టుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

ఇక ఖర్చులు. డౌన్ పేమెంట్ 16 లక్షలు, తెలంగాణలో రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ కలిపి 7.5 శాతం చొప్పున 6 లక్షలు. మొదటిరోజే 22 లక్షలు బయటికి. మిగతా 64 లక్షలకు 20 ఏళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ సుమారు 55,500. సొసైటీకి నెలనెలా కట్టే మెయింటెనెన్స్ హైదరాబాద్‌లో సాధారణంగా అద్దెకున్నవాళ్లే కడతారు, కాబట్టి అది రెండువైపులా కొట్టుకుపోతుంది. ఓనర్‌కే పడేవి ఇంటిపన్ను, పెయింటింగ్, బాత్‌రూమ్ లీకేజీ, లిఫ్ట్ మార్చినప్పుడు వచ్చే వాటా. ఏడాదికి 60 వేలు పెట్టాను. ఇదీ, అద్దె కూడా ఏటా 5 శాతం పెరుగుతాయనుకున్నాను.

పదేళ్ల తర్వాత 1.6 కోట్లకు అమ్మితే బ్రోకర్‌కు ఒక శాతం, లాభం మీద 12.5 శాతం పన్ను, బ్యాంకుకు ఇంకా బాకీ ఉన్న 44.8 లక్షలు పోగా 1.05 కోట్లకు కాస్త తక్కువ మిగులుతుంది. అన్నీ ఈరోజు విలువలో:

| కొంటే | లక్షల్లో |
|---|---|
| మొదటిరోజు ఖర్చు | −22.0 |
| పదేళ్ల ఈఎంఐలు | −42.8 |
| ఓనర్ ఖర్చులు | −4.7 |
| కట్టక్కర్లేని అద్దె | +22.5 |
| అమ్మాక మిగిలేది | +44.2 |
| మొత్తం | −2.8 |

అంటే రెట్టింపైనా కొన్నవాడు అద్దెకున్నవాడికంటే 2.8 లక్షలు వెనకే. సమానం కావాలంటే ధర ఏటా 7.7 శాతం పెరగాలి. 5 శాతమే పెరిగితే లోటు దాదాపు 13.7 లక్షలు.

అయితే ఇది అంత గట్టి తీర్పు కాదు. అమ్మిన లాభాన్ని నిబంధనల ప్రకారం ఇంకో ఇంట్లో పెట్టి పన్ను తప్పించుకుంటే లెక్క ఒక లక్ష దాకా కొనేవైపు తిరుగుతుంది. అద్దె నెలకు వెయ్యి పెరిగిన ప్రతిసారీ దాదాపు 94 వేలు ఇంటివైపు జరుగుతాయి. అదే ఫ్లాటుకు 27 వేలు పలికితే రెండూ సమానం.

పెరుగుదల అంచనాకు బ్రోచర్ కాదు, ఆ అపార్ట్‌మెంట్ పాత సేల్ డీడ్‌లు చూడండి. అందులో యూడీఎస్, అంటే మన వాటాకొచ్చే స్థలం, ఎన్ని గజాలో చూడండి. కట్టడం ఏటా పాతబడుతుంది, పెరిగేది స్థలమే. మూడంతస్తుల పాత అపార్ట్‌మెంట్లో 50 గజాలు రావచ్చు; ఎత్తైన టవర్‌లో అదే ధరకు అందులో సగమూ రాకపోవచ్చు. రెండింటికీ ఒకే శాతం పెట్టడం తప్పు.

అద్దెవైపు కూడా ఒక మెలిక ఉంది. ఈఎంఐకీ అద్దెకీ తేడా 31,500, ఓనర్ ఖర్చు 5 వేలు, మొత్తం 36,500. అద్దెకున్నవాడు మొదటి ఏడాది ప్రతి నెలా ఇంత మదుపు చేస్తున్నాడని పై పట్టిక అనుకుంటోంది. 22 లక్షలు ఒకేసారి పెట్టి మరచిపోవచ్చు, కానీ ఈ 36,500 ఆటో డెబిట్‌లో పెట్టకపోతే కారు ఈఎంఐగా మారడానికి ఏడాది కూడా పట్టదు.