15.4 సెం.మీ. చేతికి 37 మి.మీ. వాచీ, నాలుగేళ్ళ తర్వాత

సీకో 5 ఎస్‌ఎన్‌కె809, నల్ల డయల్‌ది, నాలుగేళ్ళుగా రోజూ పెట్టుకుంటున్నాను. టైం బాగానే చూపిస్తుంది, దాని గురించి చాలామంది రాసేశారు, నేను రాసేది సైజు గురించి. నాలాగ సన్నటి చెయ్యి ఉన్నోళ్ళు కొనేముందు ఏం కొలవాలో నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు, అందుకే మొదటి వాచీకి పెట్టిన డబ్బులు పోయాయి.

ఆ మొదటిది వేరే కంపెనీది, 42 మి.మీ. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి తెప్పించాను. చైను వదులుగా ఉందని విజయనగరం గంటస్తంభం దగ్గర రిపేరు షాపుకి తీసుకెళ్తే ఆ పెద్దాయన నా చెయ్యి తిప్పి చూసి "ఏటి బాబూ, చైను కట్ చేస్తే చేస్తాను గానీ వాచీని ఎలగ కట్ చేస్తాను, కొమ్ములు రెండు పక్కలా బయటికొచ్చేసినాయి కదా" అన్నాడు. కొమ్ములంటే లగ్స్, బెల్టు పిన్ను పట్టుకునేవి. ఒక లగ్ కొస నుంచి ఎదుటి లగ్ కొస దాకా స్కేలు పెడితే 51 మి.మీ. వచ్చింది. నా చెయ్యి పైభాగం చదునుగా ఉన్న మేర 47 మాత్రమే. నాలుగు మి.మీ.లు గాల్లో ఉన్నట్టు, బెల్టు కిందకి వంగకుండా రెక్కల్లాగ నిలబడుతుంది, చొక్కా చేతికి తగులుకుంటుంది, వాచీ పక్కకి దొర్లిపోతూ ఉంటుంది.

సీకోది 37 మి.మీ. కేసు, లగ్ టు లగ్ దాదాపు 43. నా 47 లోపల చక్కగా ఇమిడింది. 37కీ 42కీ తేడా ఐదే గానీ, లగ్ టు లగ్‌లో ఎనిమిది వచ్చింది చూడండి, అందుకే డయామీటరు ఒక్కటే చూసి కొనొద్దు అంటున్నాను. లగ్స్ పొట్టిగా కిందకి వంగి ఉంటే 39 కూడా సరిపోవచ్చు, పొడుగ్గా తిన్నగా ఉంటే 38 కూడా పెద్దదవుతుంది.

కొలవడం ఎలాగంటే, దారంతో వద్దు, దారం సాగుతుంది. సన్నటి కాగితం ముక్క కత్తిరించి వాచీ కూర్చునే చోటే, అంటే ఎముక బుడిపె వెనక పెట్టుకునేవాళ్ళు అక్కడే, చుట్టి కలిసిన చోట పెన్నుతో గీత పెట్టి స్కేలు మీద చూడండి. పొద్దున్న నాకు 15.4 వస్తుంది, మే నెల మధ్యాహ్నం ఉక్కపోతలో 15.8 దాకా పోతుంది. చైను పొద్దున్న టైటుగా సరిచేసుకుంటే సాయంత్రానికి అచ్చు పడిపోతుంది, అందుకే సాయంత్రం కొలత మీదే చిటికెనవేలు దూరేంత ఖాళీ పెట్టించుకోవాలి, మిగతాది చైను మూసే క్లాస్ప్‌లో ఉన్న చిన్న రంధ్రాలతో సర్దుకోవచ్చు. చదును కొలవడానికి చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి పైన స్కేలు అడ్డంగా ఆనించండి, స్కేలుకి చర్మం తగిలి ఉన్నంత మేరే లెక్క, వంపు మొదలయ్యాక లెక్కలోకి రాదు.

బెల్టు విషయంలో నాకు రెండేళ్ళు పట్టింది అర్థమవడానికి. సీకోకి 18 మి.మీ. వెడల్పు బెల్టు పడుతుంది, వెడల్పు చూసి తోలుది కొన్నాను, బకిల్ ఎప్పుడూ చెయ్యి కింద మధ్యలో కాకుండా బొటనవేలు వైపు జరిగిపోయేది. లెక్క వేస్తే తెలిసింది. నా చెయ్యి చుట్టుకొలత 154, అందులో సగం 77, వాచీ మధ్య నుంచి పిన్ను దాకా సుమారు 19 పోతే చెయ్యి కింద మధ్యకి చేరడానికి 58 మిగులుతుంది. మామూలు బెల్టులో బకిల్ వైపు ముక్క 75 ఉంటుంది, అంటే 17 ఎక్కువ. ఇప్పుడు 65 ఉన్న పొట్టి బెల్టు వేశాను, బకిల్ దాదాపు మధ్యలోనే కూర్చుంటుంది, కీబోర్డు కొట్టేటప్పుడు ఒత్తుకోదు. కొత్త రంధ్రం కొట్టించుకుంటే బెల్టు బిగుస్తుందే గానీ బకిల్ చోటు మారదు, ఆ పొరపాటు నేనూ చేశాను.

చైను వేసేవాళ్ళు ఇంకొకటి చూసుకోండి, కేసు పక్కన ఉండే మొదటి ముక్క కదలకుండా బయటికి పొడుచుకొస్తే దాన్ని కూడా లగ్ టు లగ్‌లో కలిపేసుకోవాలి. లింకులు తీయించేటప్పుడు ఒక వైపే తీయిస్తే క్లాస్ప్ పక్కకి పోతుంది, రెండు వైపులా పంచమనండి.

ఫోను దగ్గర పెట్టి తీసిన ఫొటోలో 37 కూడా పెద్దగా కనిపిస్తుంది, దాన్ని నమ్మొద్దు, అద్దం ముందు నాలుగడుగుల దూరంలో నిలబడి చెయ్యి కిందకి వదిలి చూడండి.

మా తమ్ముడికి చుట్టుకొలత 15.5, నాకంటే ఎక్కువే, కానీ చెయ్యి గుండ్రం, చదును 41 మించదు. నా వాచీ పెట్టి చూస్తే వాడికి కొసలు లేచిపోయాయి. నాన్నగారి పాత హెచ్‌ఎంటీ జనతా పెట్టాం, అది 35 దగ్గర ఉంటుంది, చక్కగా కూర్చుంది. మొన్న సిరిమాను పండగకి కూడా అదే పెట్టుకొచ్చాడు.