మెయిల్లో వచ్చిన కోర్టు సమన్లు: ఈకోర్ట్స్‌లో చూసుకోవడం మేలా, కోర్టుకు వెళ్లి అడగడం మేలా?

ఆదోని, డోన్, ఎమ్మిగనూరు వైపు నుంచి ఈ మధ్య నాకు వస్తున్న ఫోన్లలో సగం ఈ ఒక్క ప్రశ్న గురించే. "సార్, మెయిల్లో సమన్లు వచ్చాయి. నిజమా, దొంగదా? వెబ్‌సైట్లో చూస్తే సరిపోతుందా, కర్నూలు కోర్టు దాకా రావాలా?" కొందరైతే అప్పటికే మెయిల్లో ఉన్న నంబరుకు ఫోన్ చేసేసి ఉంటారు. అవతల 'కోర్టు కోఆర్డినేటర్' అని చెప్పుకున్న మనిషి వారెంటు, అరెస్టు అని బెదిరిస్తే రాత్రంతా నిద్రపోకుండా నాకు ఫోన్ చేస్తారు. కోర్టుల్లో అలాంటి ఉద్యోగం ఏదీ లేదు.

ముందు ఒక విషయం పక్కన పెట్టేద్దాం. కాగితాన్ని చూసి అసలుదో నకిలీదో చెప్పమని పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపుతుంటారు. అలా చెప్పడం కుదరదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం క్రిమినల్ కోర్టు సమన్లు ఎలక్ట్రానిక్ రూపంలోనూ పంపవచ్చు. దాని మీద కోర్టు ముద్ర బొమ్మగా ఉన్నా చాలు, లేదా డిజిటల్ సంతకం ఉన్నా చాలు. అసలు దాంట్లోనే ముద్ర బొమ్మ రూపంలో ఉంటుంది కాబట్టి నకిలీ చేసేవాడికి అది పెద్ద పని కాదు. సింహాల గుర్తు, గుండ్రటి ముద్ర, ఎర్ర అక్షరాలు ఏవీ సాక్ష్యం కావు. పంపిన అడ్రసు gov.in తోనో nic.in తోనో ముగియకపోతే అనుమానించాల్సిందే. అలా ముగిసినా నమ్మేయకండి, పంపినవారి పేరును మార్చి చూపించవచ్చు. అటాచ్‌మెంట్ చివర .apk, .zip, .html అని ఉంటే మాత్రం తెరవకండి.

ఇక మిగిలిన దారులు మూడు: కోర్టు కేసుల వివరాలు చూపే ప్రభుత్వ సైటు ఈకోర్ట్స్‌లో మీరే చూసుకోవడం, కోర్టుకు వెళ్లి అడగడం, లాయరు చేత చూపించడం. నా ఓటు మొదటిదానికే. దానికి పరిమితులు లేకపోలేదు, వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

ఈకోర్ట్స్‌లో ఏం చూడాలో చాలామందికి సగమే తెలుసు. కాగితం మీద సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, అంటే ఒక్కో కేసుకు విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు, పదహారు అక్షరాలు. మొదటి రెండు రాష్ట్రానికి, తర్వాతి రెండు జిల్లాకు, ఆపై రెండు అంకెలు కోర్టు విభాగానికి, తర్వాత ఆరు అంకెల వరుస సంఖ్య, చివర సంవత్సరం. మన రాష్ట్రం కేసయితే AP తో మొదలవుతుంది, అంటే APXX010004122025 లాంటి రూపంలో ఉంటుంది. బ్రౌజరులో services.ecourts.gov.in అని మీరే టైపు చేసి వెళ్లాలి. మెయిల్లో ఇచ్చిన లింకు, క్యూఆర్ కోడ్ వాడితే మోసగాడు కట్టిన పేజీలోకే పోతారు. కాగితంలో నంబరు మధ్య అడ్డగీతలుంటే వాటిని వదిలేసి ఖాళీల్లేకుండా కొట్టాలి. సున్నాకు బదులు ఇంగ్లిష్ ఓ కొట్టి, కేసు లేదని సంతోషపడిపోయినవాళ్లూ ఉన్నారు.

కేసు కనబడితే సమన్లు నిజమైనట్టు కాదు. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే.

ఆదోని కుర్రాడు ఒకతను పోయిన సంవత్సరం నా దగ్గరికి వచ్చాడు. లోన్ యాప్‌లో తొమ్మిది వేలు తీసుకున్న మాట నిజం, రెండు వాయిదాలు కట్టకపోయిన మాటా నిజం. 'జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టు, కర్నూలు' పేరుతో మెయిల్ వచ్చింది. చెక్కు బౌన్సుకు వేసే సెక్షన్ 138 కింద కేసట, సాయంత్రంలోపు 18,500 కడితే రాజీ అట, లేకపోతే నాన్ బెయిలబుల్ వారెంటట. సీఎన్ఆర్ నంబరు కూడా ఇచ్చారు. అతను సైట్లో కొట్టి చూశాడు. కేసు వచ్చింది. కర్నూలు కోర్టే, చెక్కు కేసే. ఇంకేముంది, మనిషికి చెమటలు పట్టేశాయి. "అన్నా, నిజంగానే ఉందన్నా" అంటూ స్క్రీన్‌షాట్ పట్టుకొచ్చాడు.

ఆ స్క్రీన్‌షాట్‌ను కిందిదాకా చదివితే కథ వేరేగా ఉంది. ఫిర్యాదుదారు ఎవరో, ముద్దాయి ఎవరో, ఇద్దరిలో ఎవరి పేరూ ఇతనిది కాదు. పైగా కేసు ఎప్పుడో ముగిసిపోయింది, 'డిస్పోజ్డ్' అని స్పష్టంగా ఉంది. ఈకోర్ట్స్ అందరికీ తెరిచి ఉన్న సైటు కదా, దాంట్లోంచి ఒక నంబరు తీసి మెయిల్లో అతికించారు. కేసు కనబడగానే భయపడి మిగతాది చదవరని వాళ్ల ధీమా.

అందుకే మూడు సంగతులు కలవాలంటాను: పార్టీల పేర్లు, కోర్టు పేరు, వాయిదా తేదీ. మూడింటిలో నేను ఎక్కువ బరువిచ్చేది తేదీకి. నిజమైన సమన్లు చెప్పేది ఒక్కటే, ఫలానా కోర్టులో ఫలానా రోజు హాజరు కమ్మని. సివిల్ దావా అయితే సాధారణంగా దావా ప్రతి కూడా జతచేసి ఉంటుంది. డబ్బు ఎవరి యూపీఐకో పంపమని ఏ సమన్లలోనూ ఉండదు, రాజీ డబ్బు కోర్టు వసూలు చేయదు. సైట్లో కేసు పేజీ కిందికి వస్తే పాత వాయిదాల చరిత్ర మొత్తం పట్టికలా ఉంటుంది. పైన చూపే 'తర్వాతి తేదీ' జడ్జిగారి సెలవు వల్ల మారిపోయి ఉండవచ్చు, కాబట్టి ఆ ఒక్క తేదీ చూసి తీర్పు ఇచ్చేయకండి. మెయిల్లోని తేదీ పట్టికలో ఎక్కడైనా ఉందా అని చూడండి. ఉండి, పేరు కూడా మీదే అయితే ఆ రోజు కోర్టుకు పోండి. అప్పుడు ఆ మెయిల్ ఎవరు పంపినా మీకు నష్టం లేదు.

మెయిల్లో సీఎన్ఆర్ లేకపోతే పేరుతో వెతకవచ్చు. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని పేరు, సంవత్సరం ఇవ్వాలి. మన పేర్లకు ఇంగ్లిష్ స్పెల్లింగు ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాస్తాడు. ఓబులేసు అనే పేరు Obulesu, Obulesh, Obulesappa ఎలాగైనా ఉండవచ్చు కాబట్టి Obu వరకు కొట్టి వదిలేయండి, మిగతాది జాబితాలో ఏరుకోవచ్చు. పెండింగు, ముగిసినవి రెండిట్లోనూ చూడండి. జిల్లా పెట్టెలో నంద్యాల కనబడకపోతే కర్నూలు కింద వెతకండి. అనంతపురం, కడప జిల్లాల నుంచి విడిపోయిన ప్రాంతాలకూ అంతే.

ఇక పరిమితులు. నిన్నమొన్న దాఖలైన కేసు సైట్లోకి ఎక్కడానికి కాస్త సమయం పడుతుంది. కుటుంబ తగాదాలు, పోక్సో లాంటి వాటిలో పేర్లు, వివరాలు బయటికి చూపించకపోవచ్చు. భార్యాభర్తల కేసు గురించి మెయిల్ వచ్చి, సైట్లో ఏమీ కనబడలేదని చెత్తబుట్టలో పడేస్తే, మీరు లేకుండానే ఇచ్చే ఎక్స్‌పార్టీ ఉత్తర్వు మీద పడవచ్చు. ఇలాంటప్పుడు కోర్టుకు వెళ్లక తప్పదు. కాగితం ప్రింటు తీసుకుని నేరుగా ఆ కోర్టు ఆఫీసుకు పోయి బెంచ్ క్లర్కును అడగండి, లేదా నాజరు సెక్షన్‌ను అడగండి. సమన్లు పంపే ప్రాసెస్ సర్వర్ల పనంతా నాజరు చూసుకుంటారు. ఈ కేసులో సమన్లు వెళ్లాయా లేదా అని రిజిస్టరు తిప్పి చెప్పగలిగేది వాళ్లే. బెంచి మొదలు కాకముందే పొద్దున్నే వెళ్తే మాట్లాడే తీరిక ఉంటుంది. కోర్టు ఆవరణలో ఈ-సేవా కేంద్రం ఉంటే కేసు స్థితి అక్కడా చూసి చెబుతారు.

మరి అన్నిటికీ కోర్టుకే పోతే మంచిది కదా అంటారా? ఆదోని నుంచి కర్నూలుకు బస్సెక్కితే ఆ రోజు కూలి పోయినట్టే. పైగా మెయిల్లో 'ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, హైదరాబాద్' అని ఉంటే ఎక్కడికి పోతారు? మన హైకోర్టు 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఉంది. ఆ ఒక్క మాటతోనే ఆ మెయిల్ సంగతి తేలిపోయింది, బస్సు చార్జీ మిగిలింది.

సీఎన్ఆర్ అసలు ఉండని కాగితాలూ కొన్ని ఉన్నాయి. సైట్లో లేదు కాబట్టి దొంగది అనే సూత్రం వీటి దగ్గర పనిచేయదు. లాయరు పంపే లీగల్ నోటీసు కోర్టు కాగితం కాదు, కాబట్టి నంబరు ఉండదు. చెక్కు బౌన్సు నోటీసయితే అందిన రోజు నుంచి 15 రోజుల్లో డబ్బు కట్టాలనే లెక్క ఉంది. కాబట్టి ఆ లాయరు ప్రాక్టీసు చేసే ఊరి బార్ అసోసియేషన్‌లో అడిగి మనిషి ఉన్నాడో లేడో తేల్చుకోండి. నోటీసులో ఇచ్చిన ఫోను నంబరు దీనికి పనికిరాదు. నేను చెక్కే ఇవ్వలేదు కదా అని కూడా ధైర్యం తెచ్చుకోకండి. బ్యాంకు ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యే ఈఎంఐ బౌన్సయినా పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద కేసు వేయవచ్చు.

ఇంకొకటి ఆర్బిట్రేషన్ నోటీసు, అంటే తగాదాను కోర్టు బయట మధ్యవర్తి తేల్చే పద్ధతికి సంబంధించినది. బైకు లోను, పర్సనల్ లోను ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీలు ఇప్పుడు వీటిని మెయిల్లోనే పంపుతున్నాయి. చూడటానికి దొంగ మెయిల్‌లాగే ఉంటుంది, అయినా నిజమైనది కావచ్చు. మీ లోన్ అగ్రిమెంటు తీసి ఆర్బిట్రేషన్ షరతు ఉందేమో చూడండి, తర్వాత లోన్ ఇచ్చిన బ్రాంచికి వెళ్లి అడగండి. పట్టించుకోకపోతే ఆర్బిట్రేటరు ఇచ్చే తీర్పు, అంటే అవార్డు, కోర్టు డిక్రీలాగే అమలవుతుంది. లోక్ అదాలత్ పేరుతో వచ్చే నోటీసులైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి, అది కోర్టు ఆవరణలోనే ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా దారి చూపుతారు.

లాయరు దారి గురించి చెప్పేదేముంది, ఆయన కూడా ముందు ఈకోర్ట్సే తెరుస్తాడు. పేరు, తేదీ కలిశాయంటే అప్పుడు లాయరు కావాలి.

పోలీసు నోటీసు అని మెయిల్ వస్తే లెక్క వేరు. విచారణకు రమ్మని భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 35 కింద ఇచ్చే నోటీసును వాట్సాప్‌లోనో, మెయిల్లోనో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. అయినా స్టేషనుకు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి, నంబరు మాత్రం మెయిల్లోంచి తీసుకోకండి. డబ్బు ఇప్పటికే పంపి ఉంటే ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు, ముందు 1930కి ఫోన్ చేయండి. మెయిల్‌ను డిలీట్ చేయకుండా cybercrime.gov.in లో పెట్టే ఫిర్యాదుకు జత చేయండి.