కుక్క దురదకు మాత్రా, ఇంజెక్షనా?

ఎటోపిక్ డెర్మటైటిస్ అనే అలర్జీ చర్మవ్యాధి ఉన్న 12 కిలోల కుక్క ఏటా పుప్పొడి కాలంలోనే పాదాలు నాకుతూ, చెవులు గోకుతూ ఉంటే, నేనైతే ఆక్లాసిటినిబ్ మాత్రకే మొగ్గుతాను, 5.4 మిల్లీగ్రాముల మాత్రను గరిష్ఠంగా 14 రోజులు రెండు పూటలా, ఆపై ఒక పూట ఇస్తే కొన్ని గంటల్లోనే దురద తగ్గుతుంది, కాలం ముగియగానే ఆపేయవచ్చు. అయితే ఇది రోగనిరోధక సంకేతాలను విస్తృతంగా అడ్డుకుంటుంది కనుక ఏడాది నిండని కుక్కలకూ, తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నవాటికీ పనికిరాదు.

ఇంటి ధూళిలోని సూక్ష్మకీటకాల వల్ల ఏడాది పొడవునా దురద ఉంటే, దురద సంకేతాన్ని మోసే ఇంటర్‌ల్యూకిన్-31 అనే ప్రోటీన్‌ను మాత్రమే పట్టి బంధించే లోకివెట్‌మాబ్ ఇంజెక్షన్ నెలకొకసారి చాలు. వయసు పరిమితి లేదు, కానీ ఎర్రబారిన చర్మపు వాపుపై దాని ప్రభావం తక్కువ.

ఏది వాడుతున్నా దుర్వాసన, జిడ్డు, చీముపొక్కులు కనిపిస్తే మందు విఫలమైందనుకునే ముందు ఈస్ట్, బాక్టీరియా పరీక్ష చేయించాలి.