సేల్స్ టార్గెట్ పంచే ఎక్సెల్ షీట్ కొంటున్నారా? చివరి వరుస చూసి కొనండి

డబ్బు కట్టి టార్గెట్ విభజన షీట్ కొనాలనుకుంటున్న డిస్ట్రిబ్యూటర్లు, ఏరియా మేనేజర్లు కాస్త ఆగండి. మేం కొన్న షీట్‌లో టోటల్ ప్రతిసారీ సరిపోతుంది. డెమోలో చూపించేదీ అదే. అది ఎవరి నెత్తిన రుద్ది సరిపెడుతోందో మాత్రం చెప్పరు.

మా లెక్కే తీసుకోండి. పోయినేడాది ఇదే నెలలో 1000 కేసులు అమ్మాం: విజయవాడ 314, గుంటూరు 243, ఏలూరు 193, గుడివాడ 153, మచిలీపట్నం 84, అవనిగడ్డ 13. ఈసారి టార్గెట్ 1100, అంటే అందరికీ పది శాతం పెరగాలి. విజయవాడకు 345.4, మచిలీపట్నానికి 92.4 వస్తాయి. మిగతా నాలుగింటికీ చివర .3 ఉంటుంది. కేసును ముక్కలు చేయలేం కాబట్టి దేనికది రౌండ్ చేస్తే అన్నీ కిందికే దిగి 1098 దగ్గర ఆగుతాయి.

తగ్గిన ఆ రెండు కేసుల్నీ షీట్ చివరి వరుసలో పడేస్తోంది. 14.3 రావాల్సిన అవనిగడ్డకు 16 పడింది, అంటే 23 శాతం పెరుగుదల! అక్కడి కుర్రాడు 15 కేసులు అమ్మినా టార్గెట్ తప్పినట్టే, ఇన్సెంటివ్ పోయినట్టే. ఇది అన్యాయం. అమ్మినవాళ్లని అడిగితే "టోటల్ కరెక్టే కదా సార్" అన్నారు. డబ్బు వాపసు ఇవ్వలేదు.

కొనేముందు డెమోలోనే వరుసలు తారుమారు చేయించండి. ఊరి స్థానం మారగానే దాని టార్గెట్ కూడా మారితే ఆ షీట్ వద్దు. 14.3 వచ్చిన ఊరికి 14 గానీ 15 గానీ పడాలి, 16 ఎప్పటికీ పడకూడదు.

సరైన పద్ధతికి పెద్ద ఖర్చేమీ లేదు. ముందు అందరికీ పూర్ణాంకం వరకే ఇవ్వాలి. మిగిలిన కేసుల్ని దశాంశ భాగం ఎక్కువున్న వాళ్లకు ఒక్కొక్కటి చొప్పున పంచాలి. ఇక్కడ .4 ఉన్నవి రెండే, కాబట్టి విజయవాడ 346, మచిలీపట్నం 93, అవనిగడ్డ 14. మొత్తం 1100. పోయినేటి అమ్మకాలు B2 నుంచి B7 వరకు ఉంటే:

```
C2: =ROUND(B2*1100/SUM(B$2:B$7),6)
D2: =ROUND(C2-INT(C2),6)+B2/10^9
E2: =INT(C2)+(RANK(D2,D$2:D$7)<=1100-SUMPRODUCT(INT(C$2:C$7)))
```

వీటిని ఏడో వరుస దాకా లాగితే E కాలమ్‌లో టార్గెట్లు వస్తాయి. D లో చివర కలిపిన చిన్న అంకె, దశాంశాలు సమానమైనప్పుడు ఎక్కువ అమ్మిన ఊరికి ముందు ఇవ్వడానికి. అమ్మకాలు వెయ్యి లోపు ఉండి, ఏ రెండు ఊళ్ల అమ్మకాలూ సమానం కానంతవరకు అది సరిపోతుంది.

ఈ పద్ధతికీ ఒక లోపం ఉంది. అమెరికా ప్రతినిధుల సభ సీట్లను ఇలాగే పంచేవారు. 1880 జనాభా లెక్కలతో చూస్తే, మొత్తం సీట్లు 299 నుంచి 300కు పెరిగితే అలబామాకు 8 బదులు 7 వస్తాయని తేలింది. నెల మధ్యలో కంపెనీ టార్గెట్ పెంచినప్పుడు మీ దగ్గరా ఒక ఊరికి ఒక కేసు తగ్గొచ్చు. అందుకే కొత్త అంకెలు పంపేముందు పాత కాలమ్ పక్కన పెట్టి చూసుకోండి.