హోంవర్క్‌కు హద్దు: రెండు సాయంత్రాలు

సభలోని పెద్దలందరికీ నమస్కారం. మన తిరుపతిలో ఏడో తరగతి చదివే పిల్లవి రెండు సాయంత్రాలు చూపిస్తాను.

మొదటిదానికి హద్దు లేదు. నలుగురు టీచర్లు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, తలా 40 నిమిషాల పని ఇచ్చారు. ఆరున్నరకు కూర్చుంటే తొమ్మిది దాటింది. చివరి లెక్కలు గైడు చూసి దించేసింది. నోటు నిండింది, లెక్క మాత్రం రాలేదు.

రెండోదాంట్లో, కేంద్ర ప్రభుత్వ 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ చెప్పినట్టు, 6 నుంచి 8 తరగతులకు హోంవర్క్ రోజుకు గంట మించదు. బోర్డు మూలన ప్రతి టీచరూ తన నిమిషాలు రాస్తారు. 60 నిండితే ఆ రోజుకు అంతే. ఒకే రకం పది లెక్కల బదులు మూడు రకాలవి మూడు. ఎక్కడ తప్పిందో మర్నాడు టీచరుకు ఇట్టే తెలుస్తుంది, ఎందుకంటే అది పిల్ల సొంత తప్పు.

ప్రాక్టీసు తగ్గుతుందనే భయం నాకూ ఉంది. అందుకే ఆ గంటలో పది నిమిషాలు ఎక్కాలకే ఉంచమంటున్నాను.