తీసేయడమా, గుర్తులు మార్చి కూడడమా?

తిరుపతిలో మా మేడ మీద సాయంత్రం ట్యూషన్‌కు వచ్చే పదో తరగతి పిల్లలకు తొలగింపు పద్ధతి వచ్చు. పోయేది గుర్తుల దగ్గరే. నిన్నటి లెక్క ఇది:

```
5x − 3y = 9
5x − 7y = 1
```

ఒకమ్మాయి నేరుగా తీసేసింది. −3y లోంచి −7y తీసేస్తే +4y రావాలి. ఆమె −10y రాసి, y = −0.8 తెచ్చింది. ఇలా తీసేస్తే ఒక వరస తగ్గుతుంది నిజమే, కానీ గుర్తు మార్చడం మనసులోనే జరుగుతుంది కాబట్టి ఎక్కడ జారామో కాగితం మీద కనబడదు.

పక్కనున్న అబ్బాయి రెండో సమీకరణం మొత్తాన్నీ గుర్తులు మార్చి −5x + 7y = −1 అని రాసుకుని కూడాడు. 4y = 8, y = 2, x = 3. నా ఓటు దీనికే. కాకపోతే ఇందులోనూ కుడివైపు 1 గుర్తు మార్చడం మరిచిపోతుంటారు.

అందుకే ఒక అలవాటు చేయించాను. ప్రతి వరసలో అంకెలన్నీ గుర్తులతో సహా కూడి, పక్కన పెన్సిల్‌తో రాయాలి. మొదటిది 5 − 3 + 9 = 11. రెండోది 5 − 7 + 1 = −1, కాబట్టి గుర్తులు మార్చాక మొత్తం కూడా గుర్తు మారి 1 రావాలి: −5 + 7 − 1 = 1. 11, 1 కలిపితే 12. వచ్చిన వరస 4y = 8 లోనూ 4 + 8 = 12, సరిపోయింది. ఆ అమ్మాయి వరసలో −10 + 8 = −2. x దాకా పోకుండానే తప్పు దొరికింది.

రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేస్తే మాత్రం ఇది పట్టదు. చివర్లో విలువల్ని రెండు సమీకరణాల్లోనూ పెట్టి చూడాల్సిందే.