పాల లెక్కలో 0, M, X: ఆరేళ్లు వాడాక

మాది ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గర, వంశధార పక్కనే ఉన్న ఊరు. ఊళ్లో తెలుగువాళ్లం, ఒడియావాళ్లం కలిసే ఉంటాం. పాల కేంద్రంలో రిజిస్టరు మాత్రం అందరికీ ఒకటే. పొద్దున్న రిజిస్టరులో రాసినదాన్ని సాయంత్రం ఎక్సెల్‌లోకి ఎక్కించడం 2019 నుంచి నా పని. పై నుంచి కిందికి తేదీలు, అడ్డంగా సభ్యుల నంబర్లు, గళ్లలో పోసిన లీటర్లు. పక్క షీటులో అదే పద్ధతిలో పాలలో ఫ్యాట్ శాతం. ఇందులో సమీక్ష రాయడానికి ఏముంది అనుకోవచ్చు. అంకె లేని గడిలో ఏం రాయాలన్నదే నేను ఈ ఆరేళ్లుగా వాడి చూసిన సంగతి.

మొదటి ఏడాది అంకె లేకపోతే గడి ఖాళీగా వదిలేసేవాణ్ణి. దాని ఫలితం మొదటిసారి 14వ నంబరు పిన్ని ఇంటి గుమ్మంలో తెలిసింది. వరసగా మూడు రోజులు పాలు పోయని వాళ్ల ఇంటికి వెళ్లి, ఏం ఇబ్బంది వచ్చింది, బయటి వ్యాపారికి పోస్తున్నారా అని కనుక్కోవడం మా కేంద్రంలో అలవాటు. ఆ జాబితా కోసం నేను పెట్టుకున్న ఫార్ములా ఇది:

```
=IF(AND(B2=0,B3=0,B4=0),"చూడు","")
```

జాబితాలో పిన్ని నంబరు వచ్చింది. సెక్రటరీ మావయ్య, నేను వెళ్లాం. మావయ్య అడిగిన తీరు కూడా కాస్త అనుమానంగానే ఉంది. ఆవిడ లోపలికి వెళ్లి పాల కార్డు తెచ్చి చూపించింది. మూడు రోజుల్లో రెండు రోజులు పాలు పోసినట్టు మావయ్య చేతిరాతే ఉంది. ఆ రెండు రోజులూ తూకం బ్యాటరీ దిగిపోయి కొలత పాత్రతో కొలిచారట. కార్డు మీద రాశారు, రిజిస్టరులో మర్చిపోయారు. నేను ఖాళీ చూసి ఖాళీగా వదిలేశాను. మూడో రోజు మాత్రం ఇంట్లో పూజ ఉండి నిజంగానే పోయలేదు. మావయ్య మొహం చూడాలి అప్పుడు.

తప్పు ఎక్కడుందో ఆ రాత్రి కూర్చుని వెతికాను. ఎక్సెల్‌లో ఖాళీ గడిని `B2=0` అని అడిగితే "అవును" అంటుంది. అదే ఖాళీ గడిని `COUNTIF(B2:B32,0)` లెక్కపెట్టదు. `AVERAGE` కూడా ఖాళీని వదిలేస్తుంది, సున్నాను మాత్రం కలుపుకుంటుంది. పక్క షీటులో `=B2` అని తెచ్చుకుంటే ఖాళీ కాస్తా సున్నాగా మారి కూర్చుంటుంది. అంటే ఒకే ఖాళీ గడి ఒక ఫార్ములాకి సున్నా, ఇంకోదానికి ఏమీ కాదు. తెలియదని చెప్పాలంటే ఖాళీ వదలకూడదు, ఏదో ఒకటి రాయాలని అప్పుడు అర్థమైంది.

ముందు NA అని రాశాను. అది ఏడు నెలలే నిలిచింది. ప్రభుత్వ పట్టికల్లో N.A. కనపడితే ఒకచోట 'నాట్ అవైలబుల్', ఇంకోచోట 'నాట్ అప్లికబుల్'. ఒకటి సమాచారం దొరకలేదని, రెండోది అక్కడ సమాచారమే ఉండదని. నేను రెంటికీ అదే వాడేశాను. పైగా బరంపురంలో చదివే మేనల్లుడు ఈ షీటును పైథాన్‌లో తెరిస్తే, అందులో పట్టికలు చదివే పాండాస్ NA అన్న మాటను, ఖాళీ గడిని రెంటినీ ఒకేలా "విలువ లేదు" అని చదివింది. `keep_default_na=False` అని చెబితే అలా చేయదట. కానీ తెరిచే ప్రతివాడికీ అది గుర్తుండాలి కదా.

తర్వాత వర్తించని చోట గీత పెట్టాను. బాగానే ఉందనుకుంటుండగా ఒకరోజు సాయపడదామని ఎవరో షీటు మొత్తానికి కామా బటన్ నొక్కారు. ఆ ఫార్మాట్‌లో ఎక్సెల్ సున్నాను "-" అని చూపిస్తుంది. గడిలో 0 అలాగే ఉంటుంది, కంటికి మాత్రం గీత. నేను పెట్టిన గీతలు, సున్నా గీతలు కలిసిపోయాయి. ఒక్కో గడి మీద నొక్కి పైన బార్‌లో ఏముందో చూసుకుంటూ నెల లెక్క సరిచేశాను.

చివరికి నిలిచినవి M, X. తెలుగక్షరం పెడితే మా ఒడియా సభ్యులకి, ఒడియా అక్షరం పెడితే నాకూ మావయ్యకీ ఇబ్బంది. ఇంగ్లీషు అక్షరానికి ఎవరూ అలగలేదు. 0 అంటే పోసే వీలుంది, పోయలేదు, ఆ సంగతి మాకు తెలుసు. M అంటే విలువ ఉండే ఉంటుంది, మా దగ్గర లేదు, మిస్సయింది. X అంటే ఆ గడిలో విలువ ఉండే ప్రసక్తే లేదు. ఖాళీ ఉంటే నేనింకా అక్కడికి రాలేదని, అంతే. నెలాఖరుకి `COUNTBLANK` సున్నా చూపించాలి. లేకపోతే పని అయినట్టు కాదు.

చెప్పినంత తేలిగ్గా కుదరలేదు. గేదె వట్టిపోయినప్పుడు ఏం రాయాలని నాకూ మావయ్యకీ చాలా రోజులు నడిచింది. "పోయలేదంటే సున్నాయే కదరా, ఇందులో ఎక్స్ ఏంటి?" అని ఆయన. కేంద్రానికి వచ్చిన మొత్తం పాలు చూస్తే ఆయన మాటే నిజం, 0 అయినా X అయినా మొత్తం మారదు. కానీ చూడి గేదె ఈనే ముందు రెండు నెలలు పాలివ్వదు. సున్నా రాస్తే ఆ రెండు నెలలూ ఆ గేదె ఉన్న సభ్యురాలి నంబరు "చూడు" జాబితాలో వస్తూనే ఉంటుంది, మేం వెళ్లి అడుగుతూనే ఉండాలి. "వట్టిపోయిన గేదెని పట్టుకుని పాలెందుకు పోయలేదంటే నన్నేమంటారు మావయ్యా?" అంటే అప్పుడు ఒప్పుకున్నాడు. ఆ జాబితా కోసమే X కుదిరింది. గేదె ఈని మళ్లీ పాలు పోస్తే అంకె వచ్చేస్తుంది.

ఒక గడి సున్నా అయితే పక్క షీటులో అదే గడి X అవుతుందని కూడా వాడుతుంటేనే తెలిసింది. పాలు 0 లీటర్లు అయితే ఫ్యాట్ ఎంత? సున్నా కాదు, అసలు ఆ ప్రశ్నే లేదు. మొదట్లో అక్కడా 0 రాసేవాణ్ణి. 6.5 దగ్గర ఉండాల్సిన గేదె పాల ఫ్యాట్ సగటు ఒకరికి 5 కిందికి వచ్చి, నీళ్లు కలిపారేమో అన్న అనుమానం దాకా పోయింది. తిరగేసిన సంగతి కూడా ఉంది. తూకం పనిచేయని రోజు లీటర్లు M, కానీ శాంపిల్ తీశారు కాబట్టి ఫ్యాట్ గడిలో 6.8 ఉంటుంది. ఫ్యాట్ మిషన్ పాడైన రోజు లీటర్లలో అంకె, ఫ్యాట్‌లో M.

ఎంత తేడా వస్తుందో ఒకరి పది రోజుల లెక్కతో చూపిస్తాను. ఉదయం పూట పోసిన లీటర్లు:

```
4.0  4.5  4.0  M  0  4.5  4.0  3.0  X  X
```

మొత్తం 24 లీటర్లు. M, X అన్నీ సున్నాలైతే పది రోజులతో భాగించి రోజుకి 2.4 అంటాం. సున్నాతో సహా అన్నీ ఖాళీ వదిలితే ఆరుతో భాగించి 4.0 వస్తుంది. మేం రాసినట్టు ఉంచితే `AVERAGE` అక్షరాలను వదిలేసి, సున్నాను ఉంచి, ఏడుతో భాగించి 3.43 చెబుతుంది. 2.4 అంటే ఆవిడ పాలు తగ్గాయని, 4.0 అంటే బాగా పోస్తోందని మీటింగులో చెప్పేస్తాం. రెండూ అబద్ధమే. నేను సగటు ఒక్కటే ఇవ్వను, పక్కన ఇంకో గడి పెడతాను:

```
=COUNTIF(B2:B11,"M")
```

"రోజుకి 3.43, తెలియనిది 1 రోజు" అని చదువుతాను. ఆ తెలియని రోజుకి సగటు వేసి M స్థానంలో 3.4 అని నింపేయమని కొందరన్నారు. చేయలేదు. అలా నింపితే ఆర్నెల్ల తర్వాత తూకం వేసిన అంకె ఏదో, నేను వేసిన అంకె ఏదో నాకే తెలియదు. అంచనా కావాలంటే వేరే వరసలో వేసుకుంటాను.

ఇబ్బందులు ఇప్పటికీ ఉన్నాయి. ఎవరైనా `=B2+B3` అని కూడితే, అందులో M ఉంటే #VALUE! వస్తుంది. `SUM` వాడితే రాదు. మొదట్లో చిరాకుపడ్డాను, ఇప్పుడు అది మంచిదే అంటాను, తెలియనిది కలిపానని అదే చెప్పేస్తుంది. గ్రాఫ్ మాత్రం నిజంగా ఏడిపిస్తుంది. లైన్ చార్ట్‌లో ఎక్సెల్ అక్షరాన్ని సున్నాగా గీసేస్తుంది, M ఉన్న రోజు గీత నేలకి పడిపోతుంది. దానికోసం పక్కన ఇంకో వరస పెట్టి గ్రాఫ్ అక్కణ్ణుంచి గీస్తాను:

```
=IF(ISNUMBER(B2),B2,NA())
```

గడిలో తప్పు అక్షరం పడకుండా డేటా వాలిడేషన్ కూడా పెట్టాను:

```
=OR(ISNUMBER(B2),B2="M",B2="X")
```

టైపు చేస్తే పట్టుకుంటుంది. ఇంకోచోట నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే పట్టుకోదు. ఒకసారి "M" తర్వాత ఒక స్పేస్ ఉన్న గళ్లు అలాగే దూరాయి. `COUNTIF` వాటిని లెక్కపెట్టక నెల మొత్తం నాలుగు రోజులు తక్కువ చూపించింది. ఇప్పుడు అంకెలు, M, X, ఖాళీలు నాలుగూ కూడితే నెల రోజులకి సరిపోతుందా అని చివర్లో చూసుకుంటాను. సరిపోకపోతే ఎక్కడో ఏదో దాక్కున్నట్టే.

ఫోన్‌లో నింపేటప్పుడు ఒక్క అక్షరం కొట్టడం తేలికే. కానీ M పెట్టాక కారణం కూడా రాయమంటే ఎవరూ రాయరు. 'తూకం', 'కరెంటు', 'కార్డు తేలేదు' అని మూడే మాటలు ఎంచుకునేలా పెట్టాక కొంచెం మారింది. ఆ కారణం ఎందుకంటే, M కి తర్వాత అంకె దొరకొచ్చు. 'తూకం' అని ఉంటే సభ్యురాలి కార్డు అడుగుతాను. X అలా కాదు, దాని వెనక వెతకడానికి ఏమీ ఉండదు.

పాత రిజిస్టర్లు కూడా ఎక్కించాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, మా జిల్లా కూడా బాగా దెబ్బతింది. ఆ తర్వాత నాలుగు రోజులు రిజిస్టరులో తెల్ల కాగితమే. కేంద్రం తీయలేదా, తీసినా రాయలేదా? తీయలేదంటే అందరికీ X. తీసి రాయలేదంటే M. మావయ్యకి గుర్తులేదు, పాలు పట్టికెళ్లే వ్యాను రాలేదని మాత్రం చెప్పాడు. అందరికీ M పెట్టాను. గత వేసవిలో 31వ నంబరు వదిన పెట్టె సర్దుతూ తడిసి ఆరిన పాత కార్డు ఒకటి తెచ్చిచ్చింది. 13వ తేదీ ఉదయం 3.5 అని ఉంది. ఆవిడ వరసలో ఒక M పోయింది. కేంద్రం ఆ రోజు తెరిచే ఉందని కూడా దాంతోనే తెలిసింది. మిగతావాళ్ల 13వ తేదీ గళ్లలో ఇంకా M లే ఉన్నాయి.